తెల్లవారితే శనివారం

పెళ్ళిలో అందరికీ పెళ్ళి గుర్తుంటుంది, చేసుకున్న ఇద్దరికీ తప్ప. నమ్మకపోతే మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. హోమం పొగకి కళ్ళు మండాయనీ, ఆకలికి కడుపు నకనకలాడిందనీ, తాళి కట్టేటప్పుడు వెనక ఎవరో జడ లాగారనీ చెబుతారు. అంతకుమించి చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. ఊరందర్నీ పిలిచి చేసుకున్న పెళ్ళి ఎవరిదో అన్నట్టు కళ్ళ ముందునుంచే వెళ్ళిపోతుంది.

ఆ లోటు మీద ఒక కంపెనీ కన్ను పడింది. వాళ్ళు తెచ్చినదే మనసు బాసికం. చూడ్డానికి మామూలు బాసికమే. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నుదుటికి కట్టుకునే ఆ ముత్యాల పట్టీ వెనక ఉల్లిపొరంత పల్చటి పొర ఒకటి ఉంటుంది. కట్టుకున్నవాళ్ళు ఆ పూట చూసింది, విన్నది, ఒంటికి తగిలింది, గుండెల్లో కలిగింది, అంతా ఆ పొర పట్టుకుంటుంది. తిరకాసల్లా ఇక్కడే ఉంది. మన తలకాయ ఏ రోజు సంగతులు ఆ రోజు నిద్రలో సర్దుకుంటుంది. సర్దుకునేటప్పుడు సగం పారేస్తుంది, మిగతా సగం కలగాపులగం చేస్తుంది. బాసికం ఆ సర్దుబాటునే ఆపేసి, పచ్చిగా ఉన్నదాన్ని ఉన్నట్టుగా తను తీసుకుని దాస్తుంది. మర్నాడు లేచేసరికి ఆ ఇద్దరికీ పెళ్ళయిందని తెలుస్తుంది, కానీ ఎవరో చెబితే విన్నట్టు తెలుస్తుంది. కొన్ని వారాలకి, అంతా శుద్ధి చేశాక, అదే బాసికం మళ్ళీ కట్టుకుని కళ్ళు మూసుకుంటే ఆ పూట మొత్తం చెక్కుచెదరకుండా లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఇక అది పోదు.

మధ్యలో ఆ కొన్ని వారాలూ ఖాళీ. దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎలాగూ గుర్తుండనిదాన్నే కదా అప్పజెప్పింది అనుకున్నారు.

కాకినాడ జగన్నాథపురంలో స్టూడియో నడిపే నూకరాజు కూడా అలాగే అనుకున్నాడు. పాతికేళ్ళుగా పెళ్ళి ఫొటోలు తీస్తున్నవాడు. మండపంలో పురోహితుడి మాటకన్నా అతని మాటకే ఎక్కువ చెల్లుబాటు. "ఇటు చూడండి", "గెడ్డం ఎత్తమ్మా", అన్నిటికన్నా ఎక్కువగా "ఇంకోసారండీ". తలంబ్రాలు సరిగ్గా పడకపోతే ఇంకోసారి. ఉంగరం వేలికి తొడిగేటప్పుడు ఎవరైనా అడ్డొస్తే ఇంకోసారి. తాళి ఒక్కటే మళ్ళీ కట్టించలేదు, అదీ పురోహితుడు మండిపడతాడన్న భయంతోనే అని భార్య సత్యవేణి ఎగతాళి చేసేది. స్టూడియోలో ఆల్బమ్‌లు కూర్చేది ఆవిడే.

ఆ మంగళవారం పొద్దున్న నూకరాజు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్టూడియోకి వచ్చాడు. సామర్లకోటలో డెలివరీ ఉంది. తోట సత్తిరాజు గారి అమ్మాయి లోవకుమారి పెళ్ళిది. వెళ్ళి, అమ్మాయికీ అల్లుడికీ మళ్ళీ బాసికాలు కట్టించి, గ్యాలరీ లింకు తెరిచి, వాళ్ళ పెళ్ళి వాళ్ళకి ఇచ్చి రావాలి. బయల్దేరేముందు ఎందుకైనా మంచిదని లింకు ఒకసారి నొక్కి చూశాడు.

తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో ఒకే వాక్యం. "ఈ గ్యాలరీ గడువు ముగిసింది. దయచేసి మీ ఫొటోగ్రాఫర్‌ను సంప్రదించండి."

"నన్ను నేనే సంప్రదించుకోవాలి కాబోలు," అని నూకరాజు నవ్వాడు. నిజంగానే నవ్వాడు పాపం. ఎందుకంటే గడువన్నది అతనికి రోజూ ఉండే వ్యవహారం. ప్రతి పెళ్ళికీ ఫొటోలన్నీ ఇంటర్నెట్‌లో ఒక గ్యాలరీలో పెట్టి లింకు పంపుతాడు. పెళ్ళివారు అందులో నచ్చినవాటి మీద గుండె గుర్తు నొక్కితే, అవి ఆల్బమ్‌లోకి వెళతాయి. నొక్కమంటే ఒక పట్టాన నొక్కరు. పిల్ల పుట్టి, ఆ పిల్లకి అన్నప్రాశన అయ్యేవరకు నాన్చిన ఘనులు ఉన్నారు. అందుకని గడువు పెట్టి భయపెట్టడం నేర్చుకున్నాడు. గడువు దాటితే లింకు మూతపడుతుంది. వాళ్ళు లబోదిబోమని ఫోన్ చేస్తారు. ఇతను తన ఖాతాలోకి వెళ్ళి తారీఖు పొడిగిస్తాడు. తలుపు తెరుచుకుంటుంది. ఫొటోలు ఎక్కడికీ పోవు, పెట్టిన గుండె గుర్తులు సైతం అలాగే ఉంటాయి. గడువంటే తాళం వెయ్యడమే తప్ప ఇల్లు కూల్చడం కాదు.

ఆ ధీమాతోనే ఖాతాలోకి వెళ్ళి తారీఖు పొడిగించాడు. అనుకున్నట్టే గ్యాలరీ తెరుచుకుంది. పసుపు దంచడం, స్నాతకం, గౌరీపూజ, అన్నీ వరసగా వచ్చాయి. లోవకుమారి పెట్టిన గుండె గుర్తులు ఎర్రగా ఉన్నాయి. అడుగున, బాసికాలవి రెండు గడులు మాత్రం బూడిద రంగులో ఉన్నాయి. వాటి మీద ఇలా రాసి ఉంది. "గడువు ముగిసినందున తాళంచెవి తొలగించబడింది."

నూకరాజు నవ్వు ఆగిపోయింది.

*

ఫొటోలకీ, బాసికాలు పట్టిన మనసు ఫైళ్ళకీ ఒకటే గ్యాలరీ, ఒకటే లింకు, ఒకటే గడువు. కానీ చట్టం వేరు. కొత్తలో ఎక్కడో ఒక ఫొటోగ్రాఫర్ పెళ్ళికూతుళ్ళ బాసికాల్లోవి తను పెట్టుకుని చూశాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పట్నుంచి మనసు ఫైలుని గిలక్కొట్టినట్టు చేసి, దాన్ని తిరిగి కూర్చే తాళంచెవిని గ్యాలరీలోనే ఉంచాలని రూలు పెట్టారు. పెళ్ళివారు ఇద్దరూ కూర్చుని తెరిస్తే ఒక్కసారే పనిచేసి చెరిగిపోతుంది. తెరవకుండా గడువు దాటినా చెరిగిపోతుంది. పరాయివాళ్ళ మనసు పరాయివాళ్ళ దగ్గర ఎక్కువకాలం ఉండకూడదని. మంచి రూలే, కాదనడానికి లేదు.

నూకరాజు ఇంట్లోది కూడా తెచ్చుకుని రెండు హార్డ్ డిస్కులు చూశాడు. ఏ పెళ్ళైనా ఒక కాపీ స్టూడియోలో, ఒక కాపీ ఇంట్లో బీరువాలో పెట్టడం అతని అలవాటు. రెండింట్లోనూ మనసు ఫైళ్ళు ఉన్నాయి. తెరిస్తే ఇసక పోసినట్టు గీతలు. తాళంచెవి లేకుండా అవి ఎన్ని కాపీలుంటే ఏం లాభం?

"ఇవాళ కదా ఆఖరి రోజు," అన్నాడు సత్యవేణితో. "ఇవాళ రాత్రిదాకా ఉండాల్సింది కదే. పెళ్ళయిన రోజునుంచి నలభై ఐదో రోజు ఇవాళే. నేను లెక్కపెట్టే కదా వాళ్ళకి మంగళవారం చెప్పేను."

"పెళ్ళి తారీఖు ఏవని వేసేరు?"

"శుభలేఖలో ఉన్నదే."

ఆవిడ శుభలేఖ తీసింది. ఆల్బమ్ మొదటి పేజీకని ఎప్పుడూ ఒకటి దాచి ఉంచుతుంది. "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం" అని ఉంది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. మన పెద్దల లెక్కలో సూర్యుడు రానిదే రోజు మారదు, కాబట్టి పైన పెద్దక్షరాలతో శుక్రవారం తారీఖే వేశారు. నూకరాజు ఖాతాలో ఆ తారీఖే వేశాడు. నలభై ఐదు రోజులని ఒక్కసారి ఎప్పుడో పెట్టి వదిలేసిన లెక్క, శుక్రవారం నుంచి తనంతట తను లెక్కపెట్టుకుంటూ పోయి సోమవారంతో ముగిసింది. నోటి లెక్కలో మాత్రం నూకరాజు పెళ్ళిని శనివారం తెల్లవారుజామున తీసిన మనిషిగా గుర్తుపెట్టుకున్నాడు.

నిన్న సాయంత్రం తీరిగ్గా కూర్చుని టీ తాగుతున్నప్పుడు ఆ తలుపు తెరిచే ఉంది.

"మరి ముందుగా చెప్పరా? మెయిల్ రాదా?" అంది సత్యవేణి.

వచ్చాయి. వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి. నూకరాజుకి వచ్చినవి ప్రకటనల మెయిళ్ళ మధ్యలో ఉన్నాయి. "మీ గ్యాలరీ గడువు దగ్గరపడుతోంది" అన్న వాక్యం అతను రోజుకి నాలుగు చూస్తాడు. చూసి తుడిచేస్తాడు. పెళ్ళివారికి వెళ్ళినవి, బుకింగ్ చేసినప్పుడు రాయించుకున్న మెయిలుకి వెళ్ళాయి. అది సత్తిరాజు గారిది. ఆయన పోయి నెల దాటింది. ఫోను ఆపేసి బీరువాలో పెట్టారు.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. మర్యాదగా మాట్లాడింది. నూకరాజు వేడుకున్నాడు, వాదించాడు, ఆఖరికి అరిచాడు. సర్వర్లు పరదేశంలో ఉంటాయి కదా, అక్కడింకా సోమవారమే కదా అన్నాడు. ఖాతాలో భారత కాలమానం మీరే ఎంచుకున్నారు సార్ అంది ఆ అమ్మాయి.

"అమ్మా, ఆ పిల్ల తండ్రి చచ్చిపోయేడమ్మా. ఆయన ఆఖరిసారి కూతురితో మాట్లాడిందంతా అందులో ఉంది."

"మా దగ్గర కూడా ఉండదండి," అంది ఆ అమ్మాయి, ఈసారి సార్ అనలేదు. "ఉంటే ఇచ్చేసేదాన్నండి."

*

సత్తిరాజు గారికి ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉండేది. ఊపిరితిత్తుల్లో జబ్బు ముదిరిందని తెలిశాక కూతురి పెళ్ళికి తొందరపడ్డాడు. బాసికాలు కావాలని పట్టుబట్టినది కూడా ఆయనే. స్టూడియోకి స్వయంగా వచ్చి, మెట్లెక్కలేక కిందే కుర్చీ వేయించుకుని, నూకరాజుని కిందకి పిలిపించుకున్నాడు.

"నేను ఉంటానో ఉండనో, నూకరాజూ. నా కూతురికి మాత్రం ఆ రోజు ఒక్క ముక్క కూడా పోకూడదు. మొత్తం ఉండాలి. నేనెలా ఉన్నానో, ఏమన్నానో, అన్నీని."

"ఉంటాయి బాబాయ్ గారూ. నేను చూసుకుంటాను కదండీ."

పెళ్ళైన పన్నెండో రోజున ఆయన పోయాడు. లోవకుమారికి తండ్రి జబ్బు గుర్తుంది, ఆస్పత్రి గుర్తుంది, ఆఖరి రోజుల్లో మాట పడిపోయి సైగలు చేయడం గుర్తుంది. తన పెళ్ళిలో తండ్రి మాత్రం గుర్తు లేడు. లింకులో ఫొటోలు చూసుకుంటూ ఒక దాని దగ్గర ఆగిపోయింది. తెల్లవారుజామున అప్పగింతలప్పుడు తీసింది. సత్తిరాజు గారు కుర్చీలోంచి కొంచెం లేచి, కూతురి చెవిలో ఏదో చెబుతున్నారు. కూతురు తలవంచుకుని నవ్వుతోంది. నూకరాజు తీసిన మంచి ఫొటోల్లో అదొకటి. దాని మీద ఆ పిల్ల గుండె గుర్తు నొక్కింది. పెద్దకర్మకి గోడమీద పెట్టిన పటం కూడా అందులోంచి కత్తిరించిందే.

ఆ పెద్దకర్మ అయిన మర్నాడు భర్త శేఖర్‌ని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది.

"నాన్న నా చెవిలో ఏం చెప్పేరో ఎవరికీ తెలీదంటన్నారండి. అమ్మకి వినపళ్ళేదంట. మేళం మోతలో వీడియోలో కూడా లేదు. బాసికం ఇప్పుడే తెరిచేద్దావండి."

నూకరాజు ఒప్పుకోలేదు. కంపెనీవాళ్ళు నేర్పినప్పుడు గట్టిగా చెప్పారు. గుండె బరువుగా ఉన్నప్పుడు తెరిస్తే ఆ బరువు కూడా లోపలే అతుక్కుపోతుంది, పెళ్ళి గుర్తొచ్చినప్పుడల్లా చావే గుర్తొస్తుంది. పైగా నెల తిరక్కుండా శుభం చూడకూడదని పెద్దవాళ్ళ పట్టు. తల్లి మంగతాయారు కూడా నెల మాసికం వెళ్ళాక చూద్దాంలే అంది.

"తొందరెందుకు చెల్లమ్మా," అన్నాడు నూకరాజు. "ఎక్కడికీ పోదు. మాసికం దాటాక వచ్చే మంగళవారందాకా గడువుంది. నేనే తెచ్చి మీ ఇంట్లో ఇస్తాను."

ఆ పిల్ల సరేనని తలూపింది. వెళ్ళేటప్పుడు మెట్లమీద ఆగి, "నిజంగా పోదు కదండీ," అని కూడా అడిగింది.

*

సామర్లకోటలో ఇంటిముందు ముగ్గు వేసి ఉంది. మంచిరోజని వేసిన ముగ్గు. శేఖర్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. దారిలోనే నూకరాజు అతనికి ఫోనులో అంతా చెప్పేశాడు. శేఖర్‌ది కూడా పోయింది, అతని పెళ్ళి కూడా అదే. కానీ ఆ కుర్రాడు తన సంగతి ఎత్తలేదు.

"తనకింకా చెప్పలేదన్నయ్యా. పొద్దుణ్ణుంచి తలంటుకుని, పెళ్ళిచీర కట్టుకుని కూర్చుంది." అతను నూకరాజు చేతిలో బ్యాగు అందుకున్నాడు. "ఒక్క మాట. ఆ ఫొటో తీసింది మీరు. మీరక్కడే ఉన్నారు. ఏదో ఒకటి విన్నానని చెప్పెయ్యండి. అల్లుడు మంచోడమ్మా, చల్లగా ఉండమ్మా, అలాంటిదేదో. తండ్రులందరూ అదే కదా చెబుతారు. తను బతికిపోద్దన్నయ్యా."

నిజానికి దారంతా ఆ మాటే నూకరాజు నోట్లో నానుతూ వచ్చింది. 'నువ్వు సుఖంగా ఉంటే నాకు అదే చాలమ్మా' అన్నారని చెప్పాలని ఊరు దాటేలోపే అనుకున్నాడు. ఎలా చెబితే నమ్ముతుందో కూడా చూసుకున్నాడు.

లోపల మంగతాయారు గోడకి ఆనుకుని కూర్చుంది. లోవకుమారి పీట మీద ఉంది. ఎదురుగా పళ్ళెంలో రెండు బాసికాలు, దారాలు విడదీసి పెట్టి ఉన్నాయి. గోడమీద దండ వేసిన పటంలో సత్తిరాజు గారు, పక్కకి వంగి, లేని మనిషి చెవిలో ఏదో చెబుతున్నట్టున్నారు.

నూకరాజు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. శుభలేఖ, తారీఖు, సోమవారం, తాళంచెవి, అన్నీ. మధ్యలో ఎక్కడా తప్పు కంపెనీ మీదకి తొయ్యలేదు. తోస్తే ఏదైనా తేలికవుతుందేమోనని ఒకటి రెండుసార్లు అనిపించింది కానీ, నోరు రాలేదు.

మంగతాయారుకి మొదట అర్థం కాలేదు. "రేపిస్తారా అయితే?" అంది.

"రేపు కూడా లేదండి పిన్నిగారూ. ఇంక లేదు."

"లేకపోవడవేంటయ్యా? పెళ్ళయ్యింది కదా. మేవందరం చూసేం కదా."

"మీకుంది పిన్నిగారూ. అమ్మాయికి లేదు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మాయదారి బాసికం. వద్దంటే విన్నారా ఆయన? నా కూతురి పెళ్ళి నా కూతురికి లేకుండా చేసేరు కదయ్యా," అని ఏడవడం మొదలెట్టింది. నూకరాజుకి ఆ నేల చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండునని ఉంది.

లోవకుమారి ఏడవలేదు. బాసికం ఒకటి చేతిలోకి తీసుకుని, వెనక పొరని బొటనవేలితో రాస్తూ కూర్చుంది. చాలాసేపటికి తలెత్తింది.

"మీరు పక్కనే ఉన్నారు కదండీ, ఆ ఫొటో తీసినప్పుడు. మీకేవైనా వినపడిందా?"

శేఖర్ నూకరాజు వైపు చూశాడు.

'నువ్వు సుఖంగా ఉంటే' అన్న మాట నాలుక చివరికి వచ్చింది. ఆ పిల్ల కళ్ళు చూస్తే అది కిందకి దిగిపోయింది. బొత్తిగా ఏమీ లేని మనిషి కళ్ళవి. ఏది వేసినా పట్టుకుని దాచుకునేలా ఉన్నాయి. అబద్ధం వేస్తే అదే తన తండ్రి అవుతుంది.

"వినపడిందమ్మా," అన్నాడు.

మంగతాయారు ఏడుపు ఆపింది.

"అయితే ఆ ఫొటో రెండోసారి తీసిందమ్మా. మొదటిసారి చెప్పినప్పుడు మీ మేనమామగారు అక్షింతల పళ్ళెంతో అడ్డొచ్చేసేరు. నాకు కుదర్లేదు. 'బాబాయ్ గారూ, ఇంకోసారండీ' అన్నాను. అప్పటికి మేళంవాళ్ళు డోళ్ళు దించేసేరు, అందుకే వినపడింది. ఆయనకేమో చెప్పాల్సింది అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక నీ చెవి దగ్గరకొచ్చి, 'కాళ్ళు లాగేత్తన్నాయే అమ్మా, వీడు మనల్ని వదిలేలా లేడు, కొంచెం నవ్వు' అన్నారు. నువ్వు నవ్వేవు. నేను ఫొటో కొట్టేను."

శేఖర్ తల దించుకున్నాడు.

లోవకుమారి గోడమీది పటం వైపు తిరిగింది. మూడు వారాలుగా ఆ పటంలో తండ్రి తనతో ఏం చెబుతున్నాడా అని చూస్తూ వచ్చింది. కాళ్ళు లాగుతున్నాయని చెబుతున్నాడు. ఆ పిల్లకి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో, రెండూ కలిసే వచ్చాయో, కాసేపు ఊపిరి తిప్పుకోలేకపోయింది.

"అలాగే అంటారు," అంది. "అచ్చం అలాగే అంటారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, నూకరాజు దేనికి భయపడుతూ ఉన్నాడో అదే అడిగింది. "మొదటిసారి తీసింది ఉందా అండి?"

ఉంది. నూకరాజు ఒక్క పెళ్ళికి కొన్ని వేల ఫొటోలు కొడతాడు. కళ్ళు మూసుకున్నవి, అడ్డం పడ్డవి, మసకవి ఏరి పక్కన పెట్టేస్తాడు. గ్యాలరీకి ఎక్కేవి ఏరగా మిగిలినవే. పక్కన పెట్టినవి ఎవరికీ చూపించడు కానీ, డిస్కులోంచి తుడవడు కూడా. ఆ డిస్కు ఇప్పుడు బ్యాగులో ఉంది. ఫొటోలన్నీ క్షేమంగా ఉన్నాయని చూపించి కొంచెమైనా ఓదారుద్దామని తెచ్చాడు. పొద్దున్న సత్యవేణి ఆ ఫొటో వెతికి తీసింది. ఇద్దరూ చూశారు. "ఇది చూపించకండి," అంది సత్యవేణి. అతనూ సరేనన్నాడు.

"పాడైపోయిందమ్మా అది. పనికిరాదు."

"ఉందా లేదా?"

"ఉంది."

ల్యాప్‌టాప్ తెరిచి, డిస్కు తగిలించి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాడు. ముందంతా మేనమామ భుజం, అక్షింతల పళ్ళెం అంచు. సత్తిరాజు గారి ముఖం దాని వెనక పోయింది, నెరిసిన జుట్టు తప్ప కనపడదు. లోవకుమారి ముఖం మాత్రం పూర్తిగా, స్పష్టంగా పడింది. ఆ ముఖంలో నవ్వు లేదు, ఏడుపూ లేదు. రంగు పోయి ఉంది. గడ్డం వెనక్కి లాక్కుని, కళ్ళు విప్పార్చి, ఎవరో ఉన్నట్టుండి చెయ్యి వదిలేస్తే పట్టుకోబోయినట్టుంది. బాసికం కింద నుదురు ముడుచుకుపోయి ఉంది.

మంగతాయారు వంగి చూసి, "ఇదేంటే తల్లీ, ఇంత భయపడ్డావేంటి," అంది.

"నాకేం తెలుసమ్మా," అంది లోవకుమారి.

శేఖర్ ల్యాప్‌టాప్ మూయబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. తనదే ముఖం. ఆ ముఖం వెనక ఉన్న పిల్లకి తెలుసు, ఇక్కడ కూర్చున్న పిల్లకి తెలియదు. మొదటిసారి ఏదో అన్నాడు తండ్రి. అది దీవెన కాదు. ఆయన ఎవరికీ చెప్పనిదేదో కూతురికి చెప్పాడు, కూతురు అది తీసుకుని బాసికంలో పెట్టింది.

"గోడమీద పటం ఉండనివ్వండి," అంది చివరికి. "ఆల్బమ్‌లో మాత్రం ఇది పెట్టండి. నవ్వుతున్నది తీసెయ్యండి."

"అడ్డం పడిందమ్మా అది, మీ నాన్నగారే కనపడరు."

"పర్లేదండి."

నూకరాజు క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి. ఆ మాట చెప్పడానికి ఎక్కడా సందు దొరకలేదు. ఫొటో ఆమె ఫోనుకి పంపి, డిస్కు తీసి, బ్యాగు సర్దుకున్నాడు. ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమనలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒకసారి వెనక్కి చూశాడు. లోవకుమారి లేచి బీరువా అద్దం ముందుకి వెళ్ళింది. బాసికం ఎత్తి, నుదుటికి ఒక చేత్తో ఆనించి పట్టుకుంది. రెండో చేతిలో ఫోను. అందులోని ముఖం ఒకసారి, అద్దం ఒకసారి చూసుకుంటోంది. గడ్డం కొంచెం వెనక్కి లాక్కుంది. కళ్ళు విప్పార్చింది. కుదరలేదు.

"ఏంటే అది?" అంది మంగతాయారు, లోగొంతుకతో.

"ఏ మాట వింటే ఇలాంటి మొహం వస్తాదో చూస్తన్నానమ్మా," అంది ఆ పిల్ల.

ముఖం మామూలుగా పెట్టుకుని, ఊపిరి తీసుకుంది. "ఇంకోసారి," అని తనకి తనే చెప్పుకుని, మళ్ళీ గడ్డం వెనక్కి లాక్కుంది.

నూకరాజు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.